250కి వచ్చిన షేరు, 900 కొన్న ధర: ఈసాప్ పన్నుతో నా అనుభవం

ఈసాప్ అంటే ఉద్యోగి తన కంపెనీ షేర్లను ముందే ఖరారు చేసిన ధరకు కొనుక్కునే హక్కు. మా కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు పంపిన ఈసాప్ స్టేట్‌మెంట్‌లో ఒకే షేరుకు ఎదురుగా బోలెడు తేదీలు, రెండు ధరలు ఉంటాయి. గ్రాంట్ తేదీ, వెస్టింగ్ తేదీ, ఎక్సర్‌సైజ్ తేదీ, అలాట్‌మెంట్ తేదీ. గ్రాంట్ ధర, మార్కెట్ ధర. వీటిలో ఏది దేనికి పనికొస్తుందో తెలియకపోతే ఒకే డబ్బు మీద రెండుసార్లు పన్ను కట్టే పరిస్థితి వస్తుంది. మా ఆఫీసులోనే అలా కట్టడానికి సిద్ధపడిన వాళ్లున్నారు. అందుకే నా లెక్క మొత్తం అంకెలతో సహా రాస్తున్నాను.

మాది నల్గొండ. నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాను. ఆ కంపెనీ మన దేశపు స్టాక్ ఎక్స్ఛేంజీల్లో లిస్టయి ఉంది. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే లిస్టు కాని కంపెనీకీ, విదేశీ కంపెనీ షేర్లకూ లెక్క కొంత మారుతుంది. దాని సంగతి తర్వాత.

2020 జూన్‌లో నాకు 800 ఆప్షన్లు ఇచ్చారు. గ్రాంట్ ధర ఒక్కోటి ₹250. ఏడాదికి 200 చొప్పున నాలుగేళ్లలో వెస్ట్ అవుతాయి. గ్రాంట్ ఇచ్చిన రోజు పన్ను లేదు, వెస్ట్ అయిన రోజూ లేదు. వెస్టింగ్ అంటే కొనుక్కునే హక్కు చేతికి వచ్చిందని మాత్రమే, షేరు ఇంకా మనది కాదు. డబ్బు కట్టి హక్కును వాడుకున్నప్పుడే, అంటే ఎక్సర్‌సైజ్ చేసినప్పుడే పన్ను మొదలవుతుంది.

నేను 2024 జనవరి 12న 400 ఆప్షన్లు ఎక్సర్‌సైజ్ చేశాను. ఆ రోజు కంపెనీ లెక్కకట్టిన మార్కెట్ ధర ₹900. నేను కట్టేది ₹250. మధ్యలో ఉన్న ₹650 కంపెనీ నాకు ఇచ్చిన లాభం కిందికి వస్తుంది. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 17(2) దాన్ని పెర్క్విజిట్ అంది, జీతంలో కలిపేసింది. 400 షేర్లకు ₹2,60,000. నా జీతం అప్పటికే 30 శాతం పన్ను పడే స్థాయిలో ఉంది కాబట్టి సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే ₹81,120 పన్ను. షేర్ల కోసం ₹1,00,000, పన్ను కోసం ₹81,120. ఒక్క షేరు కూడా అమ్మకముందే ₹1,81,120 చేతి నుంచి పోయింది. చిట్టీ ఎత్తిన డబ్బులు ఉన్నాయి కాబట్టి సర్దుకున్నాను. ఎక్సర్‌సైజ్ చేయాలనుకునేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఇదే. గ్రాంట్ ధరకు సరిపడా డబ్బుంటే చాలదు, పన్ను డబ్బు కూడా పక్కన ఉండాలి. కంపెనీ జీతం మీద టీడీఎస్ కోసినట్టే దీని మీదా కోయాలి. మా కంపెనీ అయితే పన్ను మొత్తం ఖాతాలో పడ్డాకే ఎక్సర్‌సైజ్ దరఖాస్తు తీసుకుంది.

₹900 ఎక్కడి నుంచి వచ్చిందో నేను స్వయంగా సరిచూసుకున్నాను. నియమం ప్రకారం లిస్టయిన షేరుకు ఎక్సర్‌సైజ్ రోజున ఎక్స్ఛేంజీలో మొదలైన ధర, ముగిసిన ధర కలిపి సగటు తీస్తారు. ఆ రోజు పలికిన గరిష్ఠ, కనిష్ఠ ధరల సగటు కాదు. షేరు రెండు ఎక్స్ఛేంజీల్లో ఉంటే ఆ రోజు ఎక్కువ వ్యాపారం జరిగినదాన్ని తీసుకుంటారు. ఆ రోజు అసలు ట్రేడింగే జరగకపోతే అంతకు ముందు దగ్గరి రోజు ముగింపు ధర. ఎక్స్ఛేంజీ సైట్‌లో పాత ధరలు దొరుకుతాయి. మా షేరు ఆ రోజు ₹888.50 దగ్గర మొదలై ₹911.50 దగ్గర ముగిసింది. రెండూ కలిపి సగం చేస్తే సరిగ్గా 900. రెండు నిమిషాల పని, కానీ తర్వాత లెక్కంతా ఈ అంకె మీదే నిలబడుతుంది కాబట్టి చూసుకోవడం మంచిది.

షేర్లు వెంటనే రాలేదు. అలాట్‌మెంట్, అంటే షేర్లను నా పేరున కేటాయించడం, 2024 ఫిబ్రవరి 2న జరిగింది. డీమ్యాట్ ఖాతాలో కనిపించడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. జూన్‌లో ఫారం 16తో పాటు ఫారం 12బీఏ వచ్చింది. అందులో స్టాక్ ఆప్షన్ల వరుసలో ₹2,60,000 కనిపించింది. ఆ కాగితాన్ని ప్రింట్ తీసి దాచాను.

అక్కడికి మొదటి పన్ను అయిపోయింది. రెండోది అమ్మినప్పుడు.

నల్గొండలో దేవరకొండ రోడ్డు వైపు మేం ఇల్లు కట్టుకుంటున్నాం. 2025 జనవరి ఆఖరికి స్లాబ్ దశకు వచ్చింది. స్టీలుకూ సిమెంటుకూ డబ్బు కావాలి, మేస్త్రీకీ ఇవ్వాలి. షేరు ₹1,120 దగ్గర ఉంది. 400 షేర్లూ అమ్మేద్దామని నిర్ణయించుకుని, ఒక మాట అడిగి అమ్ముదామని మా ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాను. నాన్న ఎరువుల దుకాణం లెక్కలు ఎన్నో ఏళ్లుగా ఆయనే చూస్తున్నారు. ప్రకాశం బజార్‌లో మా దుకాణం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఆయన ఆఫీసు. నాన్న కూడా వెంట వచ్చారు.

నేను కాగితాలు బల్ల మీద పెట్టగానే నాన్న తన లెక్క చెప్పేశారు. "రెండు వందల యాభై పెట్టి కొంటివి, పదకొండు వందల ఇరవైకి అమ్ముతవు. లాభం ఎనిమిది వందల డెబ్బై గదా! దాని మీదనే గదా ట్యాక్స్?"

దుకాణం నడిపే మనిషికి అలా తోచడం సహజం. యాభై రూపాయలకు తెచ్చిన సరుకు అరవైకి అమ్మితే లాభం పదే. ఆడిటర్ గారు నవ్వి, తెల్ల కాగితం మీద ఒక అడ్డగీత గీశారు. ఒక చివర 250, ఇంకో చివర 1,120, మధ్యలో 900. "సేటూ, లాభం మీరు చెప్పినంతే. కానీ దాన్ని గవర్నమెంట్ రెండు ముక్కలు చేసింది. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా జీతం," అంటూ 250 నుంచి 900 దాకా పెన్ను లాగారు. "దీని మీద పోయిన సంవత్సరమే కట్టిండు. ఇక మిగిలింది ఈ ముక్క. ఇది మాత్రమే ఇప్పటి లాభం." 900 నుంచి 1,120 దాకా ఉన్నది ₹220.

దీనికి 1961 చట్టంలో ఆధారం సెక్షన్ 49(2ఏఏ). పెర్క్విజిట్ లెక్కకు ఏ మార్కెట్ ధర వాడారో, అమ్మినప్పుడు అదే మన కొన్న ధర. గ్రాంట్ ధర పని ఎక్సర్‌సైజ్ రోజుతోనే తీరిపోతుంది. ఆ తర్వాత మూలధన లాభం లెక్కలో 250 అనే అంకె ఎక్కడా కనిపించకూడదు. కనిపించిందంటే ₹650 మీద మళ్లీ పన్ను పడుతున్నట్టే.

తర్వాత ఆయన నా వైపు తిరిగి, "తమ్మీ, అలాట్‌మెంట్ లెటర్ తెచ్చినవా?" అని అడిగారు. ఎక్సర్‌సైజ్ చేసింది 2024 జనవరి 12 కదా, ఏడాది దాటింది, ఇక లాంగ్ టర్మే కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ధర ఎక్సర్‌సైజ్ రోజుది, కానీ కాలం లెక్క మొదలయ్యేది అలాట్‌మెంట్ రోజు నుంచి. లెటర్‌లో ఫిబ్రవరి 2 అని ఉంది. లిస్టయిన షేరును 12 నెలలకు మించి ఉంచుకుంటేనే దీర్ఘకాలిక లాభం. ఇంకా వారం తక్కువ.

ఆ వారానికి ఎంత విలువో ఆయన అక్కడే లెక్క చేసి చూపించారు. 2024 జూలై 23 నుంచి అమ్మే లిస్టయిన షేర్లకు స్వల్పకాలిక లాభం మీద 20 శాతం, దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం. దీర్ఘకాలికంలో ఏడాదికి మొత్తం ₹1,25,000 దాకా లాభానికి పన్నే లేదు. 400 షేర్లూ ఆ రోజే అమ్మితే లాభం ₹88,000. దాని మీద 20 శాతం, పైన 4 శాతం సెస్సు కలిపితే ₹18,304. ఫిబ్రవరి 2 దాటాక అదే ధరకు అమ్మితే పన్ను సున్నా, ఎందుకంటే నాకు ఆ ఏడాది వేరే షేర్ల లాభాలేమీ లేవు.

నాకు వెంటనే వచ్చిన అనుమానం, ఈలోగా ధర పడిపోతే? ఆడిటర్ గారు దానికీ కాగితం మీదే జవాబిచ్చారు. ఇవాళ ₹1,120కి అమ్మితే ₹220 లాభంలో పన్ను పోగా చేతికి మిగిలేది దాదాపు ₹174. అంటే ఫిబ్రవరిలో షేరు ₹1,074 కంటే పైన ఉన్నంతవరకు ఆగడమే లాభం. ₹46 దాకా పడినా మనకు నష్టం లేదు. అంతకంటే ఎక్కువ పడుతుందనే భయం ఉంటే ఇవాళే అమ్ముకోవాలి. "ట్యాక్స్ కోసం ఆగుడు వేరు, షేరు మీద నమ్మకంతో ఆగుడు వేరు. రెండూ చూసుకో," అన్నారు. ఈ లెక్క నాకు చాలా నచ్చింది. ఎవరైనా ఇలాంటి తేదీ దగ్గర్లో ఉంటే ఉత్త టెన్షన్ పడకుండా ఆ ఒక్క అంకె తీసి పెట్టుకోవచ్చు.

స్టీలు వాళ్లకు వెంటనే కట్టాల్సింది లక్ష చిల్లర. మేస్త్రీకి ఇచ్చేది ఫిబ్రవరి రెండో వారంలో. అందుకని జనవరి 27న 100 షేర్లు ₹1,120 చొప్పున అమ్మాను. మిగతా 300 ఫిబ్రవరి 10న ₹1,100 చొప్పున అమ్మాను. ధర ₹20 తగ్గింది, దాంతో ₹6,000 తక్కువ వచ్చింది. కానీ ఆ 300 జనవరిలోనే అమ్మి ఉంటే పన్ను ₹13,728 అయ్యేది. ఆగడం వల్ల ₹7,728 మిగిలింది.

బ్రోకరేజీ చిల్లర పక్కన పెడితే చివరి లెక్క ఇది. జనవరి 100 షేర్లకు ఒక్కోదానికి ₹220, మొత్తం ₹22,000 స్వల్పకాలిక లాభం, పన్ను సెస్సుతో ₹4,576. ఫిబ్రవరి 300 షేర్లకు ఒక్కోదానికి ₹200, మొత్తం ₹60,000 దీర్ఘకాలిక లాభం, పన్ను లేదు. పన్ను లేకపోయినా రిటర్నులో చూపించాల్సిందే. జీతం మీద టీడీఎస్ అంతా సరిగా కోశారు, కొత్తగా కట్టాల్సింది ₹10,000 లోపే కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ బాధ రాలేదు. రిటర్ను వేసేటప్పుడు కట్టేశాను.

ఆడిటర్ గారు అడిగిన ఇంకో ప్రశ్న కూడా చెప్పాలి. ఇదే కంపెనీ షేర్లు నేను మార్కెట్‌లో విడిగా కొని ఇదే డీమ్యాట్‌లో పెట్టానా అని. లేదన్నాను. ఉండి ఉంటే డీమ్యాట్‌లో ముందు వచ్చిన షేరే ముందు అమ్మినట్టు లెక్కేస్తారు. మనం ఈసాప్ షేర్లు అమ్ముతున్నామని మనసులో అనుకున్నా, లెక్కలో పోయేది పాత షేర్లే కావచ్చు. అప్పుడు కొన్న ధరా తేదీ రెండూ మారిపోతాయి. ఈ చిక్కు వద్దనుకుంటే ఈసాప్ షేర్లకు వేరే డీమ్యాట్ ఖాతా తెరవడం తేలిక.

రిటర్ను వేసే కాలానికి బ్రోకర్ యాప్ నుంచి ట్యాక్స్ రిపోర్టు తీశాను. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఈసాప్ షేర్లు మార్కెట్‌లో కొన్నవి కావు, కంపెనీ నేరుగా డీమ్యాట్‌లో వేసినవి. కాబట్టి వాటిని ఎంతకు కొన్నామో బ్రోకర్‌కు తెలియదు. నా రిపోర్టులో కొన్న ధర కాలమ్ ఖాళీగా ఉంది, పక్కన ధర, తేదీ మనమే నింపే వీలుంది. నేను ధర ₹900, తేదీ 2024 ఫిబ్రవరి 2 అని నింపాను.

మా టీమ్‌లో ఒకరు అక్కడ గ్రాంట్ ధర వేశారు. చేతి నుంచి కట్టింది అదే కదా అని. నా లెక్కలో 250 వేస్తే ఏమవుతుందో ఆయనకు చూపించాను. జనవరి 100 షేర్ల లాభం ₹87,000 అవుతుంది, పన్ను ₹18,096. ఫిబ్రవరి 300 షేర్ల లాభం ₹2,55,000. అందులో ₹1,25,000 పోగా మిగిలిన ₹1,30,000 మీద సెస్సుతో ₹16,900. మొత్తం ₹34,996. నేను కట్టాల్సింది ₹4,576. ఈ ₹30,420 తేడా అంతా ఒక్క గడిలో వేసిన అంకె వల్ల. ఎక్కువ కట్టారని మనంతట మనం పట్టుకోకపోతే దాన్ని ఎవరూ వచ్చి చెప్పరు. ధర గడిని ఖాళీగా వదిలేస్తే కొన్న ధర సున్నాగా తీసుకునే రిపోర్టులూ ఉంటాయి, అప్పుడు ఇంకా ఘోరం. పట్టుకునే గుర్తు ఒకటుంది. అమ్మిన ఒక్కో షేరు లాభానికి పెర్క్విజిట్ కలిపి చూడండి. నా ఫిబ్రవరి షేరుకు 650, 200 కలిపితే 850. అమ్మిన ధర 1,100లోంచి చేతి నుంచి కట్టిన 250 తీసేస్తే అదే 850. ఈ రెండూ కలవకపోతే ఎక్కడో ఒక ముక్క రెండుసార్లు పడినట్టే.

ధర పెరిగినప్పుడు ఈ రెండు ముక్కల పద్ధతి బాగానే ఉంటుంది. పడినప్పుడే కష్టం. వనపర్తి మిత్రుడు ఒకతను 2024 సెప్టెంబర్‌లో 300 ఆప్షన్లు ఎక్సర్‌సైజ్ చేశాడు. గ్రాంట్ ధర అతనికీ ₹250, ఆ రోజు మార్కెట్ ధర ₹1,300. ఒక్కో షేరుకు ₹1,050 చొప్పున ₹3,15,000 జీతంలో కలిసింది, దాని మీద ₹98,280 పన్ను పోయింది. ఫిబ్రవరిలో ₹1,100కి అమ్మాడు. నిజంగా అతనికి మిగిలింది షేరుకు ₹850, కానీ పన్ను పడింది ₹1,050 మీద. తేడా ₹200 చొప్పున ₹60,000 స్వల్పకాలిక మూలధన నష్టం. ఆ నష్టాన్ని జీతంలోంచి తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు. వేరే షేర్ల మీదో, ప్లాటు అమ్మకం మీదో మూలధన లాభం ఉంటేనే దాంట్లో తగ్గించుకోవాలి. ఆ ఏడాది అతనికి అలాంటి లాభమేమీ లేదు. గడువులోగా రిటర్ను వేసి నష్టం చూపిస్తే తర్వాతి ఎనిమిదేళ్లు వాడుకోవచ్చు, గడువు దాటితే ఆ హక్కు కూడా పోతుంది. అతను ఊరికి వెళ్లే హడావుడిలో రిటర్ను తర్వాత చూద్దాంలే అంటుంటే పట్టుబట్టి వేయించాను. ఈ నియమం ఉద్యోగికి న్యాయం చేయదని నా గట్టి అభిప్రాయం. అమ్మి డబ్బు చేతికి రాకముందే కాగితం మీది ధరకు పన్ను తీసుకుని, అదే ధర పడిపోతే జీతం వైపు చూడనివ్వకపోవడం సరికాదు. నియమం మారేదాకా మనం చేయగలిగింది, ధర బాగా ఎగిసిన రోజు చూసి ఎక్సర్‌సైజ్ చేసి అలాగే పట్టుకుని కూర్చోకపోవడం. కనీసం పన్నుకు సరిపడా షేర్లయినా రాగానే అమ్ముకోవడం.

మా కంపెనీ లాంటిది కాకుండా లిస్టు కాని కంపెనీ అయితే మార్కెట్ ధరను మర్చంట్ బ్యాంకర్ నిర్ణయించాలి. ఆ వాల్యుయేషన్ ఎక్సర్‌సైజ్‌కు 180 రోజుల కంటే పాతది కాకూడదు. దీర్ఘకాలికం కావాలంటే 24 నెలలు దాటాలి. పన్ను అదే 12.5 శాతం, కానీ ₹1,25,000 మినహాయింపు రాదు. అమెరికా కంపెనీ షేర్లు వచ్చేవాళ్లకూ ఇవే 24 నెలలు. దాంతో పాటు రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక తప్పకుండా నింపాలి. అందులో లెక్క ఏప్రిల్ నుంచి మార్చి కాదు, జనవరి నుంచి డిసెంబర్.

నాకింకా 400 ఆప్షన్లు మిగిలి ఉన్నాయి, అన్నీ వెస్ట్ అయ్యాయి. వాటికోసం ఒక ఫైలు కట్టాను. ఎక్సర్‌సైజ్ రోజు మొదలు, ముగింపు ధరల ప్రింటు, కంపెనీ ఇచ్చే పెర్క్విజిట్ లెక్క, అలాట్‌మెంట్ లెటర్, ఫారం 12బీఏ, నాలుగూ అందులో పెడతాను. అమ్మకం ఎప్పుడు చేసినా ఆడిటర్ గారు మొదట అడిగేది ఆ లెటర్ మీది తేదీనే.